పీఆర్ ఎవరి టేబుల్ మీద ఆగింది, ఎన్ని రోజులుగా: ట్రాకర్ తయారుచేసే పద్ధతి

కొనుగోలు విభాగంలో పనిచేసేవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "మా పీఆర్ ఎంతవరకు వచ్చింది?" పర్చేజ్ రిక్విజిషన్ అన్నా, ఇండెంట్ అన్నా కాగితం ఒకటే. నాకు ఇది కావాలి, కొనిపెట్టండి అని ఒక విభాగం రాసే అభ్యర్థన. అది మూడు నాలుగు సంతకాలు దాటాకే పర్చేజ్ ఆర్డర్ అవుతుంది. ఆ సంతకాల మధ్యలో ఎక్కడ ఆగిందో చెప్పడానికి చాలాచోట్ల ఒక ఎక్సెల్ షీట్ ఉంటుంది. అందులో "స్టేటస్" అని ఒక కాలమ్, పక్కన "ఎన్ని రోజులు" అని ఇంకొకటి.

నేను చేసిన మొదటి ట్రాకర్ కూడా అలాంటిదే. పీఆర్ ముందుకు కదిలినప్పుడల్లా స్టేటస్ గడిలో పాత మాట చెరిపి కొత్తది రాసేవాణ్ణి. రోజుల లెక్క మాత్రం పీఆర్ పుట్టిన తేదీ నుంచి నడిచేది. దాంతో నిన్న సాయంత్రం ఫైల్ అందుకున్న పెద్దాయన పేరు పక్కన పదిహేడు రోజులు అని కనిపించేది. ఆయన మీటింగ్‌లో నన్ను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. అంతకుముందు ఆ పదిహేడు రోజులూ అది ఎవరి దగ్గర ఉందో నేనే చెరిపేశాను కదా.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. స్టేటస్‌ను చేత్తో రాయకూడదు. కదలికను రాయాలి. పీఆర్ ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారిన ప్రతిసారీ కొత్త వరుస చేర్చి, పాత వరుసను ముట్టుకోకుండా వదిలేయాలి. ఇప్పుడు ఏ దశలో ఉంది, ఎవరి దగ్గర ఉంది, ఎన్ని రోజులుగా ఉంది అన్న మూడింటినీ ఆ వరుసల నుంచి ఫార్ములాలే తీసిపెడతాయి. ఈ ట్రాకర్‌ను ఎక్సెల్‌లోనూ గూగుల్ షీట్స్‌లోనూ కట్టుకోవచ్చు.

## ముందుగా దశలు, గడువులు

కొత్త ఫైల్ తెరిచి `STAGES`, `LOG`, `TRACKER` అని మూడు షీట్లు పెట్టండి. మొదట నింపాల్సింది `STAGES`. దాని A కాలమ్‌లో దశ పేరు, B లో మామూలుగా ఆ దశలో సంతకం పెట్టే వ్యక్తి, C లో ఆ దశకు ఇచ్చే గడువు పనిదినాల్లో రాయండి. కొంచెం పక్కకు జరిగి E కాలమ్‌లో ఈ ఏడాది సెలవు తేదీలు వరుసగా రాసిపెట్టండి.

నా ఉదాహరణలో దశలు ఇవి: విభాగాధిపతి (2 రోజులు), ఫైనాన్స్ (3), తుది ఆమోదం (3), సవరణ (2), ముగిసింది. చివరి దశకు గడువు ఉండదు కాబట్టి C గడి ఖాళీగా వదిలేయాలి.

"సవరణ" అనే దశను చాలామంది పెట్టరు. ఏదో లోపం ఉందని పీఆర్‌ను వెనక్కి పంపితే అది అడిగినవారి దగ్గరే ఉంటుంది. ఆ రోజులు అడిగినవారి ఖాతాలో పడాలి. ఈ దశ లేకపోతే అవి ఫైనాన్స్ మీదో ఇంకెవరి మీదో పడతాయి, గొడవలు అక్కడే మొదలవుతాయి.

గడువులు మీ ఇష్టానికి రాసేయకండి. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి "మీకు ఎన్ని రోజులు కావాలి?" అని అడిగి, ఆయన చెప్పిన అంకెనే రాయండి. తర్వాత గడి ఎర్రబడినప్పుడు అది మీరు పెట్టిన గడువు అని ఎవరూ అనలేరు.

## లాగ్: ఒక కదలికకు ఒక వరుస

`LOG` షీట్‌లో కాలమ్‌లు ఇలా ఉండాలి. A పీఆర్ నంబర్, B తేదీ, C ఏం జరిగింది, D ఎవరు చేశారు, E ఇక ఏ దశ, F ఇక ఎవరి దగ్గర, G కారణం. H, I లలో ఫార్ములాలు వస్తాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఇందులో తికమక పెట్టేవి E, F. అవి ఆ వరుసలోని పని జరిగాక పీఆర్ ఎక్కడికి చేరిందో చెప్పాలి. విభాగాధిపతి ఆమోదిస్తే ఆ వరుస E లో "విభాగాధిపతి" కాకుండా "ఫైనాన్స్" అని రావాలి. కొత్తగా నింపేవారు మొదటి వారంలో కచ్చితంగా ఇక్కడే తడబడతారు. అందుకే శీర్షికలోనే "ఇక ఏ దశ" అని రాశాను.

ఒక పీఆర్ కథ పూర్తిగా చూద్దాం. నంబర్ PR-0147, అడిగింది కంప్రెసర్ విడిభాగాలు. శని, ఆదివారాలు సెలవు అనుకుందాం, మధ్యలో వేరే సెలవులు లేవు.

| తేదీ | ఏం జరిగింది | ఇక ఏ దశ | ఇక ఎవరి దగ్గర | కారణం |
|---|---|---|---|---|
| 2025 జూన్ 2, సోమ | సమర్పణ | విభాగాధిపతి | మెయింటెనెన్స్ హెడ్ | |
| జూన్ 4, బుధ | ఆమోదం | ఫైనాన్స్ | ఫైనాన్స్ మేనేజర్ | |
| జూన్ 9, సోమ | వెనక్కి | సవరణ | అడిగిన ఇంజనీర్ | కొటేషన్ జత చేయలేదు |
| జూన్ 12, గురు | తిరిగి సమర్పణ | ఫైనాన్స్ | ఫైనాన్స్ మేనేజర్ | |
| జూన్ 13, శుక్ర | ఆమోదం | తుది ఆమోదం | ప్లాంట్ హెడ్ | |

ఈ రోజు జూన్ 19, గురువారం. ఇంజనీర్‌ని అడిగితే "పదిహేడు రోజులైంది, అంతా ఫైనాన్స్ దగ్గరే ఆగింది" అంటాడు. ఫైనాన్స్ మేనేజర్‌ని అడిగితే "నా దగ్గరికి వచ్చిన మర్నాడే పంపేశాను" అంటాడు. ఇద్దరూ అబద్ధం ఆడటం లేదు. ఒకరు క్యాలెండర్ రోజులు మొత్తం చెబుతున్నారు, ఇంకొకరు రెండోసారి వచ్చినప్పటి లెక్క మాత్రమే చెబుతున్నారు. అసలు లెక్క కావాలంటే ఈ అయిదు వరుసలనే అడగాలి.

B తేదీ గురించి ఒక మాట. ఫారం మీద రాసిన తేదీ కాకుండా పీఆర్ నిజంగా అవతలివారికి చేరిన తేదీ రాయాలి. శుక్రవారం తేదీ వేసి బుధవారం తెచ్చి ఇచ్చే కాగితాలు ప్రతి ఆఫీసులోనూ ఉంటాయి.

C, E, F కాలమ్‌లకు డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒకరు "ఫైనాన్స్" అని, ఇంకొకరు చివర ఒక ఖాళీ వదిలి "ఫైనాన్స్ " అని టైప్ చేస్తే ఫార్ములాకు అవి రెండు వేర్వేరు దశలు. కంటికి మాత్రం తేడా కనిపించదు.

## ట్రాకర్: చివరి వరుసను పట్టుకోవడం

`TRACKER` షీట్‌లో ఒక పీఆర్‌కు ఒకే వరుస. A లో నంబర్, B లో వస్తువు, C లో అడిగినవారు. ఈ మూడే చేత్తో నింపాలి. D నుంచి ఫార్ములాలు.

దశ కోసం D2 లో:

```
=XLOOKUP($A2,LOG!$A$2:$A$2000,LOG!E$2:E$2000,"లాగ్‌లో లేదు",0,-1)
```

చివరి `-1` మీదే మొత్తం ఆధారపడి ఉంది. అది వెతకడాన్ని కింది నుంచి పైకి మొదలుపెడుతుంది, కాబట్టి ఆ పీఆర్‌కు సంబంధించిన ఆఖరి కదలికే దొరుకుతుంది. అది రాయకపోతే మొదటి వరుస దొరికి, ప్రతి పీఆర్ ఎప్పటికీ విభాగాధిపతి దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది. ఇదే ఫార్ములాను E2 కు లాగితే `LOG` లోని F కాలమ్ చూసి ఎవరి దగ్గర ఉందో చెబుతుంది. F2 లో వచ్చిన తేదీ కావాలి కాబట్టి అక్కడ మధ్యలోని పరిధిని `LOG!$B$2:$B$2000` గా మార్చి రాయండి.

మీ ఎక్సెల్ పాతదై `XLOOKUP` లేకపోతే ఇది వాడండి, ఇదీ చివరిదాన్నే తెస్తుంది:

```
=LOOKUP(2,1/(LOG!$A$2:$A$2000=$A2),LOG!E$2:E$2000)
```

రెండూ "చివరిది" అంటే షీట్‌లో అన్నిటికన్నా కింద ఉన్నదనే అనుకుంటాయి, తేదీ చూడవు. ఎవరైనా `LOG` ను కొత్తవి పైకి వచ్చేలా సార్ట్ చేస్తే ట్రాకర్ మొత్తం తలకిందులవుతుంది. ఎర్రర్ ఏమీ రాదు, జవాబులు మాత్రం తప్పుతాయి. ముగిసిపోయిన పీఆర్‌లన్నీ ఒక్కసారిగా మళ్లీ మొదటి దశలో కనిపిస్తే ఇదే జరిగిందని గుర్తుపట్టండి. B కాలమ్ ప్రకారం పాతవి పైకి వచ్చేలా సార్ట్ చేస్తే దాదాపు అంతా సరిపోతుంది. ఒకే పీఆర్‌కు ఒకే రోజు రెండు కదలికలు ఉన్నచోట మాత్రం వాటి వరుస క్రమం కళ్లతో చూసుకోవాలి.

## ఎదురుచూపు రోజులు

G2 లో:

```
=IF(D2="ముగిసింది","",MAX(0,NETWORKDAYS.INTL(F2,TODAY(),1,STAGES!$E$2:$E$60)-1))
```

`1` అంటే శని, ఆదివారాలు సెలవు. మీకు ఆదివారం ఒక్కటే సెలవైతే అక్కడ `11` రాయాలి. చివరి పరిధి మీరు రాసిపెట్టిన సెలవుల జాబితా.

ఒకటి ఎందుకు తీసేశామంటే, ఈ ఫంక్షన్ మొదటి రోజునూ చివరి రోజునూ రెండింటినీ లెక్కపెడుతుంది. సోమవారం వచ్చిన కాగితాన్ని మంగళవారం చూస్తే మనం "ఒక రోజైంది" అంటాం, అది 2 అంటుంది. సెలవు రోజున వచ్చి ఆ రోజే చూస్తే తీసివేత తర్వాత మైనస్ ఒకటి వస్తుంది, దాన్ని ఆపడానికే `MAX(0, …)`.

మన PR-0147 కు జూన్ 19న G2 లో 4 వస్తుంది. జూన్ 13, 16, 17, 18, 19 అయిదు పనిదినాలు, అందులో ఒకటి తీసేస్తే నాలుగు. ప్లాంట్ హెడ్ ఖాతాలో నాలుగే రోజులు. నా మొదటి ట్రాకర్ అయితే ఆయన పేరు పక్కన పదిహేడు చూపించేది.

ఆ `MAX` తో నాకు ఒక దెబ్బ తగిలింది. జూన్ 9ని 09/06/2025 అని టైప్ చేశాం. ఆ కంప్యూటర్ నెల ముందు, రోజు తర్వాత అనే అమరికలో ఉంది, దాన్ని సెప్టెంబర్ 6గా చదివింది. ఇంకా రాని తేదీ కాబట్టి లెక్క మైనస్‌లోకి పోయింది, `MAX` దాన్ని సున్నా చేసి మర్యాదగా కప్పేసింది. వారం రోజులు ఆ పీఆర్ "ఈ రోజే వచ్చింది" అన్నట్టు సున్నా చూపిస్తూ కూర్చుంది. అదే అమరికలో 13/06/2025 అయితే పదమూడో నెల లేదు కాబట్టి అసలు తేదీగా మారదు, అక్షరాలుగా మిగిలిపోయి గడిలో ఎడమవైపుకు అతుక్కుంటుంది. తేదీలు కుడివైపు, అక్షరాలు ఎడమవైపు ఉంటాయి కాబట్టి B కాలమ్‌ను ఒక్కసారి పైనుంచి కిందికి చూస్తే ఈ రెండో రకం తెలిసిపోతుంది. మొదటి రకాన్ని పట్టుకోవడానికి B కాలమ్ మీద డేటా వాలిడేషన్ పెట్టి ఈ ఫార్ములా ఇవ్వండి:

```
=AND(ISNUMBER(B2),B2<=TODAY())
```

ఇక ముందు తేదీని షీట్ తీసుకోదు. కాపీ చేసి అతికిస్తే మాత్రం ఈ కాపలా పనిచేయదని గుర్తుంచుకోండి.

## వెనక్కి పంపితే గడియారం సున్నాకు రాకూడదు

ఇంతవరకు కట్టి, G కాలమ్ గడువు దాటితే గడి ఎర్రబడేలా చేసి, ప్రతి సోమవారం అందరికీ పంపడం మొదలుపెట్టాను. రెండు నెలలకు ఎర్ర గడులు బాగా తగ్గాయి. సంతోషించాను కూడా. తీరా చూస్తే పర్చేజ్ ఆర్డర్లు మాత్రం ముందులాగే ఆలస్యంగా వస్తున్నాయి.

లాగ్ చదివితే అర్థమైంది. ఒక దశలో మూడు రోజుల గడువు ఉంటే, సరిగ్గా మూడో రోజు సాయంత్రం పీఆర్ ఏదో ఒక కారణంతో వెనక్కి వస్తోంది. "వివరణ కావాలి" అంతే. అడిగినవారు మర్నాడు తిరిగి పంపితే ఆ దశకు మళ్లీ సున్నా నుంచి లెక్క. అలా రెండుమూడు సార్లు తిరిగితే పది రోజులు పట్టినా గడి ఒక్కసారీ ఎర్రబడదు. ఎవరూ కుట్ర పన్నలేదు, నేను పెట్టిన కొలత వాళ్లకు ఆ దారి చూపించింది.

దీనికి మందు, ఆ దశలో మొత్తం ఎన్ని రోజులు గడిచాయో కూడా లెక్కపెట్టడం. అందుకు ముందు `LOG` లో ప్రతి వరుసకూ అది ఎప్పుడు ముగిసిందో తెలియాలి. అంటే అదే పీఆర్ తర్వాతి వరుస తేదీ. `LOG` లో H2:

```
=IF(A2="","",IF(E2="ముగిసింది",B2,XLOOKUP(A2,A3:A$2001,B3:B$2001,TODAY())))
```

వెతకడం తన కింది వరుస నుంచి మొదలవుతుంది. మొదట దొరికిందే తర్వాతి కదలిక. ఏమీ దొరక్కపోతే పీఆర్ ఇంకా అక్కడే ఉందని అర్థం, కాబట్టి ఈ రోజు తేదీ తీసుకుంటుంది. I2 లో:

```
=IF(A2="","",MAX(0,NETWORKDAYS.INTL(B2,H2,1,STAGES!$E$2:$E$60)-1))
```

రెండింటినీ కిందికి లాగండి. ఇప్పుడు `TRACKER` లో H2, ప్రస్తుత దశలో మొత్తం రోజులు:

```
=SUMIFS(LOG!$I$2:$I$2000,LOG!$A$2:$A$2000,$A2,LOG!$E$2:$E$2000,$D2)
```

PR-0147 లాగ్‌లో I కాలమ్ వరుసగా 2, 3, 3, 1, 4 అని వస్తుంది. విభాగాధిపతి 2, ఫైనాన్స్ మొదటిసారి 3, ఇంజనీర్ కొటేషన్ తేవడానికి 3, ఫైనాన్స్ రెండోసారి 1, ప్లాంట్ హెడ్ 4. మొత్తం 13 పనిదినాలు. జూన్ 2 నుంచి 19 వరకు నేరుగా లెక్కపెట్టినా 13 వస్తాయి. అంటే "అంతా ఫైనాన్స్ దగ్గరే" అన్నది నిజం కాదు, ఫైనాన్స్ వాటా 4. "మర్నాడే పంపేశాను" అన్నదీ పూర్తి నిజం కాదు, గడువు మీద ఒక రోజు ఎక్కువే తీసుకున్నారు. జూన్ 13 ఉదయం `TRACKER` తెరిచి ఉంటే G లో 1, H లో 4 కనిపించేవి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఉందంటే పీఆర్ ఒకసారి తిరిగి వచ్చిందని, లేదా ఆ దశలోనే చేయి మారిందని అర్థం.

వాటాల మొత్తం, నేరు లెక్క అన్నిసార్లూ కచ్చితంగా కలవకపోవచ్చు. ఎవరైనా సెలవు రోజున ఆమోదిస్తే ఒక రోజు తేడా రావచ్చు. శుక్రవారం వచ్చినది శనివారం ఆమోదం పొంది, తర్వాతివారు సోమవారం ఆమోదిస్తే ఇద్దరికీ సున్నా పడుతుంది, నేరు లెక్క మాత్రం 1. ఆ ఒక్క రోజు కోసం ఫార్ములాను మెలికలు తిప్పకండి.

`LOG` లో వెనక్కి పంపిన వరుసకు G కారణం తప్పనిసరి చేయండి, అదీ ఏం లేదో పేరు పెట్టి రాయాలి. "కొటేషన్ జత చేయలేదు" అన్నది కారణం. "వివరణ కావాలి" అన్నది కారణం కాదు. నెల గడిచాక ఈ కాలమ్ ఒక్కటీ చదివితే, ఫారంలో ఏ గడిని తప్పనిసరి చేయాలో అదే చెబుతుంది. మా దగ్గర కొటేషన్ లేకుండా పీఆర్ తీసుకోవడం అలాగే ఆగిపోయింది.

## రంగు

గడువు కోసం `TRACKER` లో J2:

```
=XLOOKUP(D2,STAGES!$A$2:$A$20,STAGES!$C$2:$C$20,"")
```

I కాలమ్‌లో కావాలంటే పీఆర్ పుట్టి ఎన్ని పనిదినాలైందో పెట్టుకోండి. అడిగినవారికి అది కావాలి, ఆమోదించేవారికి అక్కర్లేదు.

కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఎరుపు కోసం:

```
=AND(ISNUMBER($J2),$J2>0,$H2>$J2)
```

`$H2`ను పోల్చాను, `$G2`ను కాదు. కారణం పైన చెప్పిందే. మధ్యలోని `$J2>0` గడువు లేని దశల కోసం, ఎందుకంటే ఖాళీ గడిని తెస్తే సున్నాగా రావచ్చు. అసలు నేను మొదట్లో `$G2>3` అని మాత్రమే రాసినప్పుడు ముగిసిన పీఆర్‌లన్నీ ఎర్రబడ్డాయి. ఆ గడుల్లో `""` ఉంది, అది అక్షరం. ఎక్సెల్ పోలికలో ఏ అక్షరమైనా ఏ అంకె కన్నా పెద్దదే.

## సెలవులో ఉన్నవారు, ఒకేసారి ఇద్దరు

ఆమోదించాల్సిన వ్యక్తి సెలవు మీద వెళ్లి, బాధ్యత ఇంకొకరికి అప్పగిస్తే పాత వరుసలో పేరు మార్చకండి. కొత్త వరుసలో "అప్పగింత" అని రాసి, దశ అదే ఉంచి, F లో కొత్త పేరు పెట్టండి. కొత్త మనిషి G లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, దశ లెక్క H మాత్రం ఆగకుండా నడుస్తుంది. ఇద్దరికీ అన్యాయం జరగదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. పీఆర్ ఒక సమయంలో ఒక్కరి దగ్గరే ఉంటుందని ఇది నమ్ముతుంది. ఐటీ, సేఫ్టీ రెండు విభాగాలూ ఒకేసారి చూడాల్సిన పీఆర్‌ను దీనిలో నేరుగా రాయలేం. PR-0152-A, PR-0152-B అని రెండు నంబర్లుగా విడదీసి, రెండూ ముగిశాక అసలు నంబర్‌కు తర్వాతి వరుస రాస్తాను. ఈలోగా అసలు నంబర్ దశ "సమాంతరం" అని ఉంటుంది, దానికి గడువు ఇవ్వను. అందంగా ఉండదు, కానీ నెలకు రెండు మూడు పీఆర్‌లే అలాంటివైతే చాలు. సగానికి పైగా అలాంటివే ఉంటే ఈ షీట్ మీకు సరిపోదు.

## సోమవారం పంపే జాబితా

మొత్తం ట్రాకర్ ఎవరికీ పంపకండి, ఎవరూ చదవరు. నాలుగో షీట్‌లో ఈ ఒక్క ఫార్ములా పెట్టండి. ముగియనివన్నీ, ఎక్కువ రోజులవి పైకి వచ్చేలా తెస్తుంది:

```
=SORT(FILTER(TRACKER!A2:J500,(TRACKER!A2:A500<>"")*(TRACKER!D2:D500<>"ముగిసింది")),8,-1)
```

గూగుల్ షీట్స్‌లో చివరి `-1` బదులు `FALSE` రాయాలి. అందులోంచి ఎవరి వరుసలు వారికి మాత్రమే పంపుతాను. "సార్, మీ దగ్గర మూడు పీఆర్‌లు ఉన్నాయి, పాతది PR-0147, నాలుగు రోజులు" అని ఒక్క లైను. అందరి పేర్లూ అందరికీ కనిపించేలా పంపిన రోజుల్లో సంతకాలు వేగంగా వచ్చేవి, చదవకుండా పెట్టిన సంతకాలూ వచ్చేవి.

పర్చేజ్ ఆర్డర్ నంబర్ వచ్చాకే చివరి వరుసలో "ముగిసింది" అని రాసి, ఆ నంబర్‌ను కారణం గడిలో పెట్టండి. తుది ఆమోదం వచ్చిన రోజే ముగించేస్తే, ఆ తర్వాత పర్చేజ్ విభాగంలో పడి ఉన్న రోజులు ఎక్కడా కనిపించవు. మీరే పర్చేజ్ విభాగమైతే ఆ దశను వదిలేయాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. `STAGES` లో దాన్నీ ఒక దశగా చేర్చి, మీ పేరు, గడువు రాసుకోండి.